రాలుతున్న గ్రౌట్ మీద పూత వేయకండి, ముందు తవ్వండి

ప్రశ్న: మా స్నానాల గదిలో షవర్ ఉన్న గోడకు టైల్స్ వేసి తొమ్మిదేళ్లయింది. ఏడాదిగా సందుల్లోని సిమెంటు వేలితో రాస్తే పొడిలా రాలుతోంది. ఆ గోడకు అవతల పడకగది ఉంది. అక్కడ నేల నుంచి అడుగు ఎత్తు వరకు పెయింటు ఉబ్బి, తెల్లటి ఉప్పులాంటిది పైకి తేలుతోంది. ఒక పనివాడు వచ్చి సందుల మీద తెల్ల సిమెంటు పూసి వెళ్లాడు. మూడు నెలలకే అది పెచ్చులుగా ఊడిపోయింది. ఇంకొకరు టైల్స్ మొత్తం పగలగొట్టాల్సిందే అంటున్నారు. మధ్యలో పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మాత్రం గోడ కాస్త ఆరినట్టు కనిపించింది. సందులు నేనే తవ్వి మళ్లీ నింపుకోవచ్చా? ఎంత లోతు తవ్వాలి?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ఊరెళ్లినప్పుడు గోడ ఆరిందన్నది. గోడలోని నీటి సరఫరా పైపు కారుతుంటే మీరు ఇంట్లో ఉన్నా లేకపోయినా అది కారుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ పైపులో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. స్నానం ఆపితే చెమ్మ తగ్గిందంటే, నీరు వాడకం సమయంలోనే గోడలోకి చేరుతోంది. అయితే ఇంతమాత్రాన తప్పంతా టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌దేనని తేల్చేయకండి. వాడుతున్నప్పుడు మాత్రమే కారేవి ఇంకో రెండున్నాయి. షవర్ తిప్పే కుళాయి నుంచి పైన షవర్ దాకా గోడలో వెళ్లే పైపు ముక్కలో, కుళాయి తెరిచినప్పుడే నీరు ప్రవహిస్తుంది. నేల మీది జాలీ కింద ఉన్న మురుగు గొట్టం అతుకూ అంతే. ఈ రెండింటిలో ఏది కారుతున్నా మీకు కనిపించే లక్షణాలు ఇవే. అందుకే సందులు తవ్వే ముందు ఒక పది రోజులు పరీక్షకు కేటాయించమని అడుగుతున్నాను.

పడకగది వైపు చెమ్మ ఎక్కడి వరకు వచ్చిందో ఆ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. నాలుగైదు రోజులు ఆ స్నానాల గది వాడకుండా ఉండి, చెమ్మ అంచు వెనక్కి తగ్గితే అక్కడ కొత్త గీత గీయండి. ఆ తరువాత షవర్ తల విప్పి, ఆ గొట్టానికి ఒక రబ్బరు పైపు బిగించి, దాని రెండో కొసను నేరుగా జాలీ రంధ్రంలోకి దించండి. గోడ, నేల తడవకుండా రోజుకు పదిహేను నిమిషాల చొప్పున మూడు రోజులు నీళ్లు వదలండి. చెమ్మ గీత దాటి పెరిగితే దోషం లోపలి పైపులోనో మురుగు గొట్టంలోనో ఉంది. అప్పుడు ప్లంబర్‌ను పిలవాలి. ఎంత బాగా గ్రౌట్ చేసినా ఆ లీకు ఆగదు. గీత కదలకపోతే, తరువాతి మూడు రోజులు షవర్ తల మళ్లీ బిగించి టైల్స్ గోడనే బాగా తడపండి. ఇప్పుడు చెమ్మ పెరిగితే నీరు వెళ్లే దారి టైల్స్ సందులు, లేదా గోడ నేలను కలిసే మూల. ఇటుక గోడలో నీరు నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు.

సందులే కారణమని తేలాక టైల్స్‌ను ఒక్కొక్కటిగా తట్టి చూడండి. స్క్రూడ్రైవర్ పిడి చాలు. ప్రతి టైల్‌నూ మధ్యలో, నాలుగు మూలల్లో తట్టండి. గట్టిగా అంటుకున్న టైల్ మందంగా మోగుతుంది, వెనక ఖాళీ ఉన్నది డొల్లగా మోగుతుంది. ఒక మూల మాత్రమే డొల్లగా ఉంటే కంగారుపడనక్కర్లేదు. టైల్ మొత్తం డొల్లగా మోగి, అరచేతితో నొక్కితే కదులుతుంటే ఆ టైల్‌ను తీసి, వెనక గోడ చూసి, మళ్లీ అంటించాల్సిందే. కదిలే టైల్ చుట్టూ ఎంత మంచి గ్రౌట్ వేసినా కొన్ని వారాల్లో పగులుతుంది. అలాంటివి రెండో మూడో ఉంటే వాటి వరకు మార్చుకోవచ్చు. కింది భాగంలో వరుసకు వరుసే కదులుతుంటే, లేదా టైల్స్ వెనక జిప్సం బోర్డు ఉండి అది మెత్తబడితే, పగలగొట్టమన్న వ్యక్తి మాటే సరైనది. ఈ తట్టి చూసే పని చేయకుండా ఎవరైనా 'మొత్తం తీసేయాలి' అన్నా, 'పైన పూస్తే చాలు' అన్నా నమ్మకండి.

తెల్ల సిమెంటు ఎందుకు ఊడిందో చెబితే, ఎంత లోతు తవ్వాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పొడిగా రాలుతున్న పాత గ్రౌట్ మీద పూసిన కొత్త పొర పట్టుకున్నది ఆ పొడినే. పొడి రాలినప్పుడు పొర కూడా దానితోనే వచ్చేస్తుంది. పైగా ఉత్త సిమెంటు ముద్ద ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, సన్నని పొర అయితే వెంటనే వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. గ్రౌట్ పిండిలో సన్నని ఇసుక, పాలిమర్ కలిపేది ఈ కుంచించుకోవడాన్ని తగ్గించి, టైల్ అంచుకు పట్టు పెంచడానికే. మీ పాత గ్రౌట్ రాలడానికి కారణం కూడా చాలా మటుకు ఆనాడే పడి ఉంటుంది. సులువుగా పూయడానికి నీళ్లు ఎక్కువ పోసి కలిపి ఉంటారు. ఆ అదనపు నీరు ఆవిరైపోయాక దాని చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. గ్రౌట్ బలం పోయి, నీరు పీల్చే గుణం పెరుగుతుంది. ఆపైన ఏళ్ల తరబడి ఆసిడ్‌తో కడిగి ఉంటే, ఆసిడ్ సిమెంటును కరిగించి ఇసుకను మాత్రం వదిలేస్తుంది. వేలికి అంటే పొడి అదే.

తవ్వాల్సిన లోతు టైల్ మందంలో కనీసం మూడింట రెండు వంతులు. గోడ టైల్ 8 మిల్లీమీటర్ల మందం ఉంటే 5 నుంచి 6 మిల్లీమీటర్లు. పుల్ల మీద 6 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసుకుని సందులో దించి చూస్తూ ఉండండి. కంటితో చూస్తే లోతు ఎప్పుడూ ఎక్కువగానే అనిపిస్తుంది. సందుకు రెండు పక్కలా టైల్ అంచు శుభ్రంగా కనిపించడం లోతు కన్నా ముఖ్యం. కొత్త గ్రౌట్ పట్టుకోవాల్సింది ఆ అంచులనే, అక్కడ పాత సిమెంటు పొర మిగిలితే నీరు ఆ పొర వెంటే లోపలికి జారుతుంది.

గ్రౌట్ గీకే చేతి రంపం ఒకటి, బ్లేడు మార్చుకునే కత్తి ఒకటి ఉంటే పని జరుగుతుంది. ముందు కత్తితో సందు మధ్యలో రెండు మూడు గీతలు గీసి, ఆ గాడిలో రంపాన్ని ఆనించి మీ వైపు లాగండి. తోసే కన్నా లాగితే చేయి అదుపులో ఉంటుంది, టైల్ మెరుపు మీద గీతలు పడవు. పై వరుసల్లో గ్రౌట్ రాయిలా ఉంటే కంపనంతో కోసే మల్టీటూల్‌కు సన్నని బ్లేడు బిగించి వాడవచ్చు, కానీ దాన్ని సందు మధ్యలోనే నడపండి. అంచులు చేత్తోనే గీకాలి. గుండ్రంగా తిరిగే కోత యంత్రం మాత్రం వద్దు, ఒక్క క్షణం జారితే టైల్ అంచు చిట్లుతుంది. కుళాయిల చుట్టూ, గోడ నేలను కలిసే చోట లోతుగా దిగకండి. అక్కడ పైపులు, నీటిని ఆపే పొర దగ్గరలోనే ఉంటాయి. ఈ ధూళిలో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ఉంటుంది కాబట్టి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. జాలీని గుడ్డతో మూయండి. రాలిన సిమెంటు మురుగు గొట్టంలో పడితే అక్కడే గడ్డకడుతుంది.

నా ఇంట్లో ఇదే పని చేసినప్పటి సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు నాకు అక్కడే అర్థమైంది. గోడ మీటరున్నర వెడల్పు, టైల్స్ రెండు మీటర్ల ఎత్తు వరకు. టైల్ 30 సెంటీమీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు, సందు 3 మిల్లీమీటర్లు. అన్ని సందులూ కలిపి దాదాపు 16 మీటర్లు వచ్చాయి. మీటరుకు పావుగంట పట్టింది కాబట్టి రెండు సాయంత్రాలు పని. కింది రెండు వరుసల్లో రంపం ఆనించగానే గ్రౌట్ తడి మట్టిలా వచ్చేసింది, కొన్ని చోట్ల పుల్ల టైల్ వెనక్కి కూడా దిగింది. ఆ టైల్స్‌ను వెనక మొత్తం సిమెంటు పరచకుండా నాలుగైదు ముద్దలు పెట్టి అంటించారు. ముద్దల మధ్య ఖాళీలన్నీ ఒకదానితో ఒకటి కలిసి, పైన ఏ సందులో దూరిన నీరైనా టైల్స్ వెనకే కిందికి జారి అడుగున నిలబడింది. మీ పడకగదిలో చెమ్మ కింద ఉన్నంత మాత్రాన నీరు కింది సందులోంచే దూరిందని అనుకోకూడదని చెప్పేది ఇందుకే. షవర్ జల్లు తగిలే భుజం ఎత్తులో సందు పాడైనా తడి కనిపించేది అడుగునే.

తవ్విన రెండో రోజే నేను కొత్త గ్రౌట్ నింపాను. పైకి సందులన్నీ పొడిగానే కనిపించాయి. నెల తిరగకముందే కింది వరుసలో గ్రౌట్ నల్లబడి, దాని మీద తెల్లటి ఉప్పు తేలింది. టైల్స్ వెనక నిలిచిన నీటికి బయటికి వచ్చే దారి నేనే మూసేశాను, అది సిమెంటులోని లవణాలను కరిగించుకుని కొత్త గ్రౌట్ గుండా బయటికి వచ్చింది. ఆ రెండు వరుసలు మళ్లీ తవ్వి, పన్నెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాక గానీ గోడ కుదుటపడలేదు. కాబట్టి మీరు తవ్వడానికి ఎంత ఓపిక పెడతారో, ఆరబెట్టడానికి అంతకన్నా ఎక్కువ పెట్టండి. అడుగు పొడుగు ప్లాస్టిక్ కాగితాన్ని తవ్విన కింది సందుల మీద నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా ఉంచండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, సందు రంగు ముదిరినా గోడ ఇంకా ఆరలేదు. ఇంట్లో వేరే స్నానాల గది లేకపోతే, స్నానం చేసేటప్పుడు మాత్రం తవ్విన భాగం కప్పేలా పైనుంచి ప్లాస్టిక్ తెర వేలాడదీసి, కాగానే తీసేయండి. సందుల్లో నల్లటి బూజు ఉంటే బ్లీచింగ్ ద్రావణాన్ని పలుచగా కలిపి రుద్ది, కడిగి, ఆ తరువాతే ఆరబెట్టడం మొదలుపెట్టండి. ఆ ద్రావణంలో ఆసిడ్‌ను గానీ మరే శుభ్రం చేసే మందును గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వెలువడుతుంది.

ఏ గ్రౌట్ కొనాలన్నది సందు వెడల్పును బట్టి ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నని సందుకు ఇసుక లేనిది, అంతకన్నా వెడల్పు సందుకు ఇసుక కలిసినది. ఏదైనా పాలిమర్ కలిసిన రకం తీసుకోండి. నేను చెప్పినంత గోడకు 6 మిల్లీమీటర్ల లోతు నింపడానికి, వృథాతో కలిపి ఒక కిలో పొడి సరిపోతుంది. ఎపాక్సీ గ్రౌట్ నీరు దాదాపుగా పీల్చదు కాబట్టి దాన్నే వాడమని చాలామంది చెబుతారు. నేను మీకు దాన్ని సిఫారసు చేయను. అది త్వరగా గట్టిపడుతుంది, టైల్ మీద మిగిలిన మరక ఆరిందంటే వదలడం కష్టం, కొత్త చేతికి అది లొంగదు. పైగా ఏ కొంచెం తడి లోపల మిగిలినా దాన్ని పూర్తిగా బంధించేస్తుంది. బాగా ఆరిన గోడ, అలవాటున్న పనివాడు, రెండూ ఉన్నప్పుడే ఎపాక్సీ.

కలిపేటప్పుడు ముందు నీళ్లు, ఆ తరువాత పొడి. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లు కొలిచి, పొడిని తూకం వేసి, ఒక్కసారికి అర కిలోకు మించకుండా కలపండి. ఉండలు లేకుండా కలిపాక పది నిమిషాలు కదపకుండా వదిలేసి, మళ్లీ ఒకసారి తిప్పండి. ఆ విరామంలో పొడిలోని పాలిమర్ తడిసి ముద్ద మెత్తబడుతుంది, కాబట్టి మొదట గట్టిగా ఉందని తొందరపడి నీళ్లు పోయకండి. పళ్లు తోముకునే పేస్టులా, తాపీ మీద నిలబెడితే జారకుండా ఉండాలి. పని మధ్యలో బిగుసుకుపోతే పారేసి కొత్తది కలపండి. నీళ్లు చల్లి మెత్తబరిస్తే మీ పాత గ్రౌట్‌కు పట్టిన గతే దీనికీ పడుతుంది.

సందులను తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి, లోపల నీరు నిలవకుండా చూసుకుని మొదలుపెట్టండి. రబ్బరు అడుగున్న తాపీతో ముద్దను తీసుకుని, సందుకు ఏటవాలుగా, బలంగా నొక్కుతూ లాగాలి. ఒకే సందు మీద రెండు దిక్కుల నుంచీ నొక్కితే అడుగున గాలి మిగలదు. నిండిందని అనిపించాక తాపీని దాదాపు నిలువుగా పట్టుకుని, టైల్ మీద మిగిలినదాన్ని మూలగా గీకి తీసేయండి. సందు వెంటే నిటారుగా గీకితే తాపీ అంచు లోపలికి దిగి గ్రౌట్‌ను తోడేస్తుంది. ఒక చదరపు మీటరు చొప్పున చేస్తూ వెళ్లండి. పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో వేలితో నొక్కితే గుంట పడని స్థితికి వస్తుంది. అప్పుడు స్పాంజిని గట్టిగా పిండి, మూలగా, ఒక వైపుతో ఒక్కసారే తుడిచి, తిప్పి, కడిగి మళ్లీ తుడవండి. నీళ్లు కారే స్పాంజితో తుడవడం ఈ పనిలో జరిగే అతి సాధారణమైన తప్పు. పైపొర కొట్టుకుపోయి, ఆరాక రంగు మచ్చలు మచ్చలుగా, గ్రౌట్ గుల్లగా తయారవుతుంది. టైల్స్ మీది తెల్లటి పొర కొన్ని గంటల తరువాత పొడి గుడ్డతో రుద్దితే పోతుంది. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి మొదటి నుంచీ చేతి తొడుగులు వేసుకోండి.

ఇంతవరకు గోడ మధ్య సందుల గురించి చెప్పాను. మూలల్లో గ్రౌట్ వేయకండి. రెండు గోడలు కలిసే నిలువు మూల, గోడ నేలను కలిసే మూల, కుళాయి పళ్లెం చుట్టూ ఉండే సందు, ఈ మూడింటిలోనూ సిలికాన్ మాత్రమే. గోడ, నేల ఎండకూ చలికీ బరువుకూ వేర్వేరుగా, కంటికి తెలియనంతగా కదులుతాయి. గ్రౌట్ సాగదు, సరిగ్గా ఆ గీత వెంటే పగులుతుంది. మీ గోడలో కూడా ముందు నేల మూల చూడండి, అక్కడ వెంట్రుకవాసి పగులు ఉంటే పెద్ద వాటా నీరు అక్కడే దూరుతూ ఉండవచ్చు. మూలల్లోని పాత గ్రౌట్ పూర్తిగా తీసి, గ్రౌట్ చేసిన గోడ ఆరాక, రెండు అంచులనూ స్పిరిటుతో తుడిచి, పక్కన టేపు అంటించి, బూజు పట్టని న్యూట్రల్ సిలికాన్‌ను తెగకుండా ఒకే ధారగా వేయండి. తడి వేలితో ఒక్కసారి అదిమి, పైన పొర కట్టకముందే టేపు లాగేయండి. ఒక రోజు దానిమీద నీరు పడకూడదు.

గ్రౌట్‌కు మొదటి 24 గంటలు నీటి జల్లు తగలకూడదు, షవర్ వాడటానికి మూడు రోజులు ఆగండి. తరువాత ప్యాకెట్‌లో చెప్పిన గడువు దాటాక, లోపలికి ఇంకే రకం సీలర్ పూస్తే గ్రౌట్ నీరు పీల్చడం తగ్గుతుంది. సందు మీద నీటి చుక్క వేస్తే అది ముత్యంలా నిలిచినంత కాలం సీలర్ పనిచేస్తోంది, ఇంకిపోతే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చింది. ఒక సంగతి మాత్రం దాచను. సిమెంటు గ్రౌట్ ఎంత బాగా వేసినా, సీలర్ పూసినా, అది నీటిని పూర్తిగా ఆపే తెర కాదు. ఆ పని చేయాల్సింది టైల్స్ వెనక గోడ మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. మంచి గ్రౌట్, మంచి మూలలు ఆ పొర మీద పడే నీటిని కొన్ని చుక్కలకు తగ్గిస్తాయి, ఆ చుక్కలు ఆరిపోతాయి. ఆ పొరే లేకపోతే, లేదా చినిగిపోయి ఉంటే, ఈ పని కొన్నేళ్లు కాపాడుతుంది కానీ శాశ్వతంగా కాదు.

పడకగది వైపు వెంటనే పెయింటు వేయించకండి. ఉబ్బిన పెయింటు, లప్పం గీకి, తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపేయండి. నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఇటుక గోడ అంగుళం మందానికి సుమారు ఒక నెల ఆరుతుందని పనివాళ్లు చెప్పే లెక్క ఉంది, నాలుగున్నర అంగుళాల గోడకు నాలుగైదు నెలలు అనుకోండి. ఆ కాలమంతా పెన్సిల్ గీతలు చెరపకుండా, రెండు వారాలకొకసారి కొత్త అంచు గీసి తేదీ వేస్తూ ఉండండి. గీతలు ఒకదాని కింద ఒకటిగా నేల వైపు దిగుతుంటే మీ పని నిలిచింది. రెండు నెలల తరువాత కూడా అంచు కదలకుండా ఉన్నా, షవర్ వాడిన రోజుల్లో పైకి పాకినా, అడుగు వరుసలో ఒక టైల్‌ను తీయించి వెనక వాటర్‌ప్రూఫింగ్ పొర ఉందో లేదో చూడండి. టైల్స్ అన్నీ తీయాలా వద్దా అన్నది ఆ ఒక్క టైల్ వెనక కనిపించేదాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు.